పాత ఫ్లాటు మొత్తం బాగు చేయించాలి: కరెంటు ముందా, టైల్స్ ముందా?

ఉండిరోడ్డు:
భీమవరంలో మూడో అంతస్తు, 1,100 అడుగుల ఫ్లాటు. రెండు పడగ్గదులు, రెండు బాత్రూములు. కట్టి 20 ఏళ్ళు దాటింది. మే ఒకటికి అద్దెవాళ్ళు ఖాళీ చేస్తున్నారు. ఆషాఢం వెళ్ళాక శ్రావణంలో పాలు పొంగించాలి. అంటే చేతిలో 85 రోజులున్నట్టు లెక్క.

కరెంటు పాయింట్లన్నీ కొత్తవి, బాత్రూములు రెండూ కొత్తవి, హాల్లోనూ గదుల్లోనూ పాత టైలు మీదే కొత్త టైలు, హాల్లో ఫాల్స్ సీలింగు, మాడ్యులర్ కిచెను, బీరువాలు, రంగులు, చివర్లో కర్టెన్లు, గోడ అలంకారం. ఎలక్ట్రీషియన్ తన పని ముందు కావాలంటాడు. టైల్స్ మేస్త్రి నేల అయ్యేదాకా ఎవరూ రావద్దంటాడు. వరస ఎలా పెట్టుకోవాలి?

సత్తిపండు:
ఇందులో ఆలోచించేదేం లేదండి. కరెంటే ముందు. గోడలు కొట్టేది వాళ్ళే కదా. గాడులు కొట్టించి, పైపులు పూడ్పించి, వైర్లు లాగించేసి, స్విచ్చులు కూడా బిగించేస్తే ఆ మనిషితో పని అయిపోతుంది. మళ్ళీ మళ్ళీ పిలిస్తే రారు. వైరు అన్నిటికీ 2.5 చదరపు మి.మీ. వేసేస్తే ఏ గొడవా ఉండదు.

లెవెల్‌పైపు:
సత్తిపండు గారూ, కరెంటు ముందన్నది సగమే నిజం. ఎలక్ట్రీషియన్ ఒక్కసారి వచ్చి పోయే మనిషి కాదు, మూడుసార్లు రావాలి. మొదటిసారి గాడులు, పైపులు, మెటల్ బాక్సులు మాత్రమే. గాడులు పూడ్చి అవి ఆరాక, ఫాల్స్ సీలింగు మూయకముందు వైర్లు. రంగు మొదటి కోటు అయ్యాక స్విచ్చులు, లైట్లు. ముందే వైరు లాగితే తడి సిమెంటు నీళ్ళు పైపుల్లోకి దిగుతాయి. పైగా తర్వాత వచ్చిన మేస్త్రి కట్టరు పెట్టాడంటే పైపుతో పాటు వైరు కూడా తెగుతుంది. ముందే స్విచ్చులు బిగిస్తే వాటి మీద లప్పం ఎండిపోయి నొక్కులు పట్టేస్తాయి. బేరమాడేటప్పుడే మూడు విడతలని మాట్లాడుకుని, డబ్బు కూడా మూడు ముక్కలు చేసి ఇవ్వండి. అప్పుడు ఎందుకు రాడో చూద్దాం.

వైరు సంగతి: లైట్లకీ ఫ్యాన్లకీ 1.5 చాలు, మామూలు ప్లగ్గులకి 2.5. ఏసీకీ గీజరుకీ 4 వేసి, ఒక్కోదానికి విడి ఎంసీబీ పెట్టాలి. అన్నిటికీ 2.5 అంటే లైట్ల దగ్గర దండగ, గీజరు దగ్గర తక్కువ.

ఉండిరోడ్డు గారూ, అసలు చిక్కు వేరే. గాడి కొట్టేముందు పాయింటు ఎక్కడో తెలియాలి. అది తెలియాలంటే మంచం ఏ గోడకో, టీవీ ఎక్కడో, పొయ్యి ఎటో, ఏసీ ఏ మూలనో తేలాలి. అంటే మీరు ఆఖర్న రాసిన కర్టెన్లూ అలంకారమూ కాగితం మీద మొట్టమొదట రావాలి. ఏప్రిల్లో ఖాళీగా ఉన్నప్పుడే ప్రతి గోడకూ ఒక కాగితం తీసుకుని బొమ్మ గీయండి. మే ఒకటిన సుత్తి పట్టుకున్నాక గీస్తానంటే కుదరదు.

లక్ష్మి_తణుకు:
వంటగది డ్రాయింగులు వేయడం నా పని. ఆ కాగితం ఎందుకో ఒక్క బోర్డు లెక్కతో చెప్తాను.

గ్రానైటు గట్టు పై అంచు, పూర్తయిన నేల నుంచి 34 అంగుళాలు అనుకోండి. మిక్సీ బోర్డు మధ్యగీత గట్టుకి 10 అంగుళాలు పైన, అంటే 44. ఇప్పుడు పాత నేల మీద కొత్త టైలు పడుతుంది. టైలు 9 మి.మీ., కింద గమ్ము 4 మి.మీ., కలిపి ఇంచుమించు అరంగుళం నేల లేస్తుంది. ఎలక్ట్రీషియన్ పాత నేల మీద టేపు ఆన్చి 44 కొలిస్తే బోర్డు అరంగుళం కిందికి పడుతుంది. ఒక్క బోర్డయితే ఎవరికీ తెలియదు. కానీ మూడు బోర్డుల్లో ఒకటి పాత నేల నుంచి, రెండు కొత్త లెక్కనుంచి కొలిస్తే గట్టు వెనక టైలు గీత పక్కన వంకర కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

ఇంకోటి లోతు. గట్టు వెనక గోడకి టైలు, గమ్ము కలిపి 12 మి.మీ. దాకా వస్తుంది. మెటల్ బాక్సు అంచుని ప్లాస్టింగుతో సమంగా పూడ్చేస్తే, టైలు పడ్డాక బాక్సు ఆ మేరకు లోపలికి పోయి ప్లేటు స్క్రూ అందదు. అప్పుడు పొడుగు స్క్రూలు వెతుక్కోవాలి, ప్లేటు కదులుతుంటుంది. టైలు పడే గోడల మీద బాక్సుని ఆ 12 మి.మీ. బయటికి వదిలి పూడ్చమని ముందే చెప్పాలి. ఏ గోడకి టైలు పడుతుందో ఎలక్ట్రీషియన్‌కి ఎవరూ చెప్పరు, ఆయన అడగడు.

లెవెల్‌పైపు:
లక్ష్మి గారు చెప్పిన తేడా రాకుండా ఉండాలంటే, పగలగొట్టడం అయిన మర్నాడే నీళ్ళ పైపుతో ఇల్లంతా ఒకటే గీత కొట్టించండి. పూర్తయిన నేల ఇక్కడికొస్తుందని నిర్ణయించి, దానికి సరిగ్గా 3 అడుగుల పైన అన్ని గదుల్లో నీలం దారంతో గీత. ఆ రోజు నుంచి ఎలక్ట్రీషియనూ ప్లంబరూ వడ్రంగీ ఎవరూ నేల నుంచి కొలవకూడదు, గీత నుంచే కొలవాలి. ఆ గీత మీద లప్పం పడేదాకా తుడవనివ్వకండి.

ఆ గీత కొట్టినప్పుడే రెండు సంగతులు బయటపడతాయి. తలుపుల కింద అరంగుళం కోయాలి. బాత్రూములో పాత టైలు మీద టైలు కుదరదు. గది నేల అరంగుళమే లేస్తుంది. బాత్రూములో వాటర్‌ప్రూఫ్ కోటు, దాని మీద వాలు కాంక్రీటు, టైలు అన్నీ కలిపితే అంతకంటే ఎక్కువ లేచి, నీళ్ళు గడప దాటి పడగ్గదిలోకి వస్తాయి. అందుకని బాత్రూముల్ని స్లాబు దాకా పగలగొట్టాల్సిందే. తప్పదు.

కోనసీమ_కొబ్బరి:
మాది అమలాపురం దగ్గర. కింద ఇల్లు, సొంతం. గోడల కింద మూడడుగుల దాకా రంగు పొట్టు లేచిపోతోంది, తెల్లటి ఉప్పు రాలుతోంది. మీరు చెప్పిన వరసలో వాటర్‌ప్రూఫ్ రంగు ఎన్నో నంబరు?

రంగులపెట్టె:
అది వరస సంగతి కాదండీ. మీ ఇంటికి నేలలోంచి చెమ్మ ఎక్కుతోంది. లోపల వాటర్‌ప్రూఫ్ రంగు కొడితే చెమ్మ దాని వెనకాల ఇంకొంచెం పైకెక్కి, మూడడుగుల దగ్గర రాలేది నాలుగడుగుల దగ్గర రాలుతుంది. ఉప్పు పట్టిన ప్లాస్టింగు ఊడగొట్టి, పునాది మట్టంలో చెమ్మని ఆపాక రంగు మాట. విడిగా ఒక పోస్టు పెట్టండి, చెప్తాను.

అయితే ఈ ఫ్లాటుకి పనికొచ్చే ముక్క అందులో ఒకటుంది. భీమవరం చుట్టుపక్కల చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పన. గాడులు పూడ్చే సిమెంటు ఆ నీళ్ళతో కలిపితే, గోడంతా బాగానే ఉండి గాడి వెంబడి మాత్రం తెల్లటి చార తేలుతుంది. రంగేశాక ఆరు నెలలకి చూస్తే గోడలో పైపులు ఎక్కడున్నాయో బొమ్మ గీసినట్టు కనపడుతుంది. నోటికి ఉప్పగా తెలిసిన నీళ్ళు సిమెంటులో వద్దు. మున్సిపల్ నీళ్ళు డ్రమ్ములకి పట్టించుకోండి. మేలో కాలువలకి నీళ్ళు ఆపేస్తారు, నీళ్ళు ఇచ్చేదే తక్కువ. కాబట్టి ముందురోజే పట్టి ఉంచాలి.

ఉండిరోడ్డు:
ఆయ్, ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. బాత్రూములు, మిగతా ఇల్లు ఒకేసారి నడపొచ్చా? లేక బాత్రూములు అయ్యాక మిగతావా?

లెవెల్‌పైపు:
ఒకేసారే నడపాలి, లేకపోతే 85 రోజులు చాలవు. బాత్రూములో ఆగి చూడాల్సిన చోట్లు రెండు. అక్కడ ఎవరు తొందరపెట్టినా ఒప్పుకోకండి.

మొదటిది పైపులు. గోడలో పైపులు వేశాక, గాడులు మూయకముందు, చేతి పంపు పెట్టి 10 కేజీల ఒత్తిడి ఎక్కించి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి గేజీ ముల్లు పడిందంటే ఎక్కడో అతుకు కారుతోంది. వేడినీళ్ళ గొట్టమూ చల్లనీళ్ళ గొట్టమూ రెండూ కలిపే చూడాలి. షవరుకీ కుళాయికీ నీళ్ళు మళ్ళించే డైవర్టరు ఈ దశలోనే కొని చేతిలో ఉండాలి. దాని మూతికి ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, టోపీ మీద రెండు గీతలుంటాయి. పూర్తయిన టైలు ముఖం ఆ రెండింటి మధ్య పడాలి. మరీ లోపలికి పెడితే పైన హ్యాండిలు అందదు, ఎక్స్‌టెన్షన్ కొనాలి. మరీ బయటికి ఉంటే ప్లేటు గోడకి ఆనదు. టైలు ఏదో ఎంచుకోకుండా ఈ లోతు పెట్టలేరు. అందుకే టైలు మే మొదటివారంలో కొనేయాలి, వేయడం జూన్‌లో అయినా సరే.

రెండోది నీళ్ళు నిలగట్టడం. స్లాబు శుభ్రం చేసి, నేలా గోడా కలిసే మూల గుండ్రంగా చేసి, సిమెంటులో కలిపే పాలిమర్ కోటు రెండుసార్లు, ఒకటి అడ్డంగా ఒకటి నిలువుగా. గోడ మీదికి ఒక అడుగు, షవరు దగ్గర ఆరడుగులు. బస్తా మీద రాసినన్ని రోజులు ఆరాక నీళ్ళు పోయే ట్రాపు మూసి రెండంగుళాల నీళ్ళు నింపి 48 గంటలు ఉంచండి. నీళ్ళ అంచున గోడ మీద పెన్సిలు గీత. పక్కనే ఒక బకెట్లో నీళ్ళు పోసి దానికీ గీత పెట్టండి. మే ఎండకి రెండిట్లోనూ కొంచెం ఆవిరవుతుంది. బకెట్లో ఎంత తగ్గిందో నేల మీదా అంతే తగ్గితే భయం లేదు. నేల మీద ఎక్కువ తగ్గితే కారుతోంది. కింద ఫ్లాటు వాళ్ళని కూడా పిలిచి వాళ్ళ సీలింగు చూపించమనండి. రేపు చెమ్మొచ్చిందని గొడవొస్తే ఈ రోజు తీసిన ఫొటోలే సాక్ష్యం.

సత్తిపండు:
48 గంటలు ఎందుకండీ, మా ఊళ్ళో ఒక రాత్రి ఉంచి ట్రాపు తీసేస్తారు.

లెవెల్‌పైపు:
స్లాబులో చెమ్మ కిందికి కనపడటానికి ఒక రాత్రి చాలకపోవచ్చు సత్తిపండు గారూ. ట్రాపు చుట్టూ కారితే రాత్రికే తెలుస్తుంది. స్లాబు గుండా మెల్లగా దిగితే రెండో రోజు సాయంత్రానికి గానీ తెలియదు. ఇక్కడ మిగిల్చేది ఒక్క రోజు. తేడా వస్తే మళ్ళీ పగలగొట్టేది టైలు పడ్డ బాత్రూము.

లక్ష్మి_తణుకు:
రోజుల లెక్కలో అందరూ మర్చిపోయేది మాడ్యులర్ కిచెను. ఫ్యాక్టరీలో కోసి రావడానికి మూడు నాలుగు వారాలు తీసుకుంటారు. ఆఖరి కొలత మాత్రం గోడ టైలు, నేల టైలు పడ్డాకే తీస్తారు. డ్రాయింగు కొలతతో కోయించేస్తే మూల బీరువా దగ్గర ప్లాస్టింగు అర అంగుళం లావున్నా పెట్టె దూరదు.

కాబట్టి ఇల్లంతా సమానంగా నడపకండి. వంటగదిని ముందుకి తోయండి. అక్కడ గాడులు, ప్లాస్టింగు, గోడ టైలు, నేల టైలు ముందు పూర్తి చేయించి, మే ఆఖరికల్లా కొలత ఇచ్చేయండి. అక్కడ పెట్టెలు తయారవుతుండగా ఇక్కడ హాలు, గదులు సాగుతాయి. సింకు, పొయ్యి, చిమ్నీ మోడలు పేర్లు కూడా అప్పటికే ఖాయం కావాలి. సింకు కింద నీళ్ళ ఫిల్టరుకి ఒక ప్లగ్గు, గట్టు వెనక పెద్ద ప్లగ్గు, చిమ్నీకి పైన ఒకటి. ఈ మూడూ తర్వాత గుర్తొచ్చేవే.

రంగులపెట్టె:
ఇక నా గోల వినండి. ఈ ఊళ్ళల్లో జూన్ మధ్య నుంచి గాలే తడి. గోడ ఆరలేదు, లప్పం కొట్టారంటే, నవంబరుకల్లా పొక్కులు. గాడి పూడ్చిన చారలు రెండంగుళాల వెడల్పే కాబట్టి తొందరగా ఆరతాయి. కొత్తగా ప్లాస్టింగు చేసిన గోడకి ఏడు రోజులు నీళ్ళు కొట్టాక కూడా మొత్తం నాలుగు వారాలు కావాలి. వానల్లో ఇంకా పడుతుంది. ఆరిందో లేదో చేత్తో తడిమి చెప్పలేం. అడుగు చదరం పాలిథీన్ ముక్కని నాలుగువైపులా టేపుతో గోడకి అంటించి ఒక రోజు వదిలేయండి. మర్నాడు లోపల చెమటలా నీటి చుక్కలుంటే ఇంకా ఆగాలి.

ఈ లెక్క ప్రకారం ప్లాస్టింగు పనంతా మే 20 లోపు అయిపోవాలి. బయటి గోడ పగుళ్ళు కూడా మేలోనే. పడమటి గోడ పగులు వదిలేసి లోపల లప్పం కొడితే మొదటి వానకే గోడ మీద మ్యాపు దిగుతుంది.

20 ఏళ్ళ ఇల్లంటున్నారు, పాత గోడల మీద సున్నమో డిస్టెంపరో ఉండి ఉంటుంది. గోరుతో గీకితే పొడి రాలితే పూర్తిగా గీకించాలి. ఆ గీకుడు దుమ్ము ఘోరంగా ఉంటుంది, పగలగొట్టే వారంలోనే దాన్ని కూడా చేయించండి. కొత్త టైలు మీద ఆ దుమ్ము వద్దు.

ఉండిరోడ్డు:
నేల టైలు ముందా, లప్పం ముందా?

రంగులపెట్టె:
లప్పం ముందు. రెండు కోట్లు, ఇసుక కాగితం రుద్దుడు, ప్రైమరు అయ్యాక నేల. కింద ఆరంగుళాలు వదిలేసి లప్పం కొడితే స్కర్టింగు తర్వాత పడుతుంది. కొత్త టైలు మీద నిచ్చెన్లు జరుపుతూ లప్పం కొడితే గీతలు పడకుండా ఎలా ఉంటాయి?

లెవెల్‌పైపు:
నేనొప్పుకోను. నేల కోసేటప్పుడు వచ్చే దుమ్ము ప్రైమరు మీద పట్టేస్తుంది. స్కర్టింగు పెట్టేటప్పుడు గోడ అడుగున సుత్తి తగులుతుంది, ఆ అతుకులన్నీ మళ్ళీ లప్పమే. నేల ముందు వేయించి, పైన ప్లాస్టిక్ షీటు పరిచి పీఓపీ పోయించేస్తే నిచ్చెనకి భయం లేదు. పాత టైలు మీద వేసేముందు ప్రతి పలకనీ నాణెంతో కొట్టించండి. బోలుగా మోగినవి తీసేసి నింపాకే కొత్తది.

రంగులపెట్టె:
ఆ పీఓపీ ఊడదీశాక టైలు సందుల్లో దిగిన తెలుపు ఎవరు తీస్తారు మరి?

లెవెల్‌పైపు:
షీటు చినక్కపోతే దిగదు. సందులు కూడా ముందే నింపించేస్తాం కదండీ.

లక్ష్మి_తణుకు:
ఇద్దరూ ఎప్పటికీ తేల్చుకోరు గానీ, ఒకమాట. ఏ వరసైనా రంగు ఆఖరి కోటు మాత్రం బీరువాలు బిగించాకే. బీరువా అంచూ గోడా కలిసే చోట సందు మూయాలి, డ్రిల్లు వేసిన చోట అతుకు వేయాలి. వాటి మీద పడాల్సిందే ఆ కోటు. నేల టైలు బీరువాల కింద కూడా వేయించండి. టైలు ఆపేసి బీరువా కాళ్ళు పాత నేల మీద నిలబెడితే, నేల కడిగిన నీళ్ళన్నీ ఆ అరంగుళం పల్లంలోకే చేరతాయి. బాత్రూము గోడకి ఆనే బీరువాకి వెనక అంగుళం ఖాళీ వదలండి.

జూలైలో వచ్చిన ప్లైవుడ్డు దిగిన రోజే కోయనివ్వకండి. నాలుగైదు రోజులు గదిలో కింద బద్దలు పెట్టి పడుకోబెట్టాలి. వంటగదికీ సింకు కిందకీ ఐఎస్ 710 ముద్ర ఉన్నదే తీసుకోండి.

ఉండిరోడ్డు:
అందరికీ దండాలు. నేను రాసుకున్నది చూడండి:

ఏప్రిల్: గోడ బొమ్మలు, టైలు, డైవర్టరు, సింకు, చిమ్నీ ఎంపిక. రెండు ఏసీలు, రెండు గీజర్లు వస్తున్నాయి కాబట్టి మీటరు లోడు పెంచమని కరెంటాఫీసులో దరఖాస్తు.
మే 1–7: పగలగొట్టడం, గోడలు గీకడం, మూడడుగుల గీత.
మే 8–20: గాడులు, పైపులు, బాక్సులు, ప్లంబింగు, ఒత్తిడి పరీక్ష, పూడ్చడం, బయటి పగుళ్ళు. వంటగది ముందు.
మే 20–జూన్ 8: బాత్రూము కోటు, 48 గంటల నీళ్ళు, టైలు. వంటగది టైలు, కొలత ఇవ్వడం.
జూన్ 8–30: వైర్లు, ఫాల్స్ సీలింగు, హాలు నేల, లప్పం (మీరు తేల్చుకున్న వరసలో).
జూలై: బీరువాలు, కిచెను, స్విచ్చులు, ఆఖరి కోటు, కర్టెన్లు.

వాల్‌పేపరు హాల్లో పడమటి గోడకి అనుకున్నాం.

రంగులపెట్టె:
పడమటి గోడకీ బాత్రూము పక్క గోడకీ వాల్‌పేపరు వద్దు, వెనక బూజు పడుతుంది. లోపలి గోడకి వేసుకోండి.

సత్తిపండు:
ఒప్పుకుంటున్నానండి, మూడు విడతలే. నాదొక మాట. గాడులు పూడ్చకముందు ప్రతి గోడకీ టేపు ఆన్చి ఫొటోలు తీసి పెట్టుకోండి. కర్టెను రాడ్డుకి డ్రిల్లు వేసేవాడు పైపు ఎక్కడుందో అడగడు. ఫ్యాన్లు స్లాబు కొక్కేనికే వేలాడాలి, ఫాల్స్ సీలింగు బోర్డుకి కాదు. ఆ కొక్కేలు మూసేయకముందు రాడ్డు పొడుగు చూసుకోండి.

లెవెల్‌పైపు:
పట్టిక బాగుంది. ఒక్కటి రాయలేదు మీరు. పెద్ద పడగ్గది ఏసీ నీళ్ళ గొట్టం ఎటు పోతుంది? మీ బొమ్మలో ఏసీ బాత్రూము గోడ మీదే ఉంది. దాన్ని బాత్రూములోకి వదలాలంటే ఆ గోడకి రంధ్రం వాటర్‌ప్రూఫ్ కోటు పడకముందే, అంటే మే 20 లోపే పడాలి. ఏసీ బిగించేవాడు జూలైలో వచ్చి రంధ్రం వేస్తానంటే షవరు దగ్గర ఆరడుగుల కోటులోకే డ్రిల్లు దిగుతుంది. గొట్టానికి కిందికి వాలు కూడా ఉండాలి, గోడలో అడ్డంగా పూడిస్తే నీళ్ళు వెనక్కొచ్చి పరుపు మీద పడతాయి.

ఉండిరోడ్డు:
అది అస్సలు తట్టలేదండీ. ఏసీని కిటికీ పక్క గోడకి మార్చి గొట్టం బయటికి వదిలేస్తే?

లెవెల్‌పైపు:
కుదురుతుంది. కానీ కిటికీ పక్కన కర్టెను పెట్టె ఎంత వెడల్పో చూడండి. ఏసీ గాలికి అడ్డొస్తే మళ్ళీ బొమ్మ మార్చాలి. ఆ గోడ బొమ్మ ఫొటో పెట్టండి.